రసీదు ఉంది, పాలసీ ఉందా?

జీవిత బీమా పాలసీ చెల్లింపుల చిట్టా తీసి చూస్తే ప్రతి వరుసలోనూ రెండు తేదీలు ఉంటాయి. ఒకటి ప్రీమియం కట్టాల్సిన తేదీ, రెండోది కట్టిన తేదీ. మనలో చాలామంది చూసేది రెండోదాన్నే. ఎప్పుడు కట్టాం, ఎంత కట్టాం, రసీదు వచ్చిందా లేదా అని చూసుకుని ఊరుకుంటాం. కంపెనీ మాత్రం మొదటి తేదీనే పట్టించుకుంటుంది. మనం ఇచ్చిన డబ్బు ఏ గడువు కింద జమైంది, ఇంకా నిండని మొట్టమొదటి గడువు ఏది అన్నదే దానికి లెక్క. ఈ తేడా తెలియక, బీరువాలో రసీదుల కట్ట భద్రంగా ఉన్నా, అవసరం వచ్చిన రోజున పాలసీ అమల్లో లేదన్న మాట వినాల్సి వస్తున్న కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి ఈ చిట్టాను ఎలా చదవాలో ఒక పాలసీని ముందు పెట్టుకుని చూద్దాం.

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే ఒక గుమాస్తాను ఊహించుకోండి. 2021 మార్చి 28న 5 లక్షల రూపాయలకు 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ తీసుకున్నాడు. మూడు నెలలకోసారి 6,500 రూపాయల కిస్తు. అంటే ఏటా మార్చి 28, జూన్ 28, సెప్టెంబరు 28, డిసెంబరు 28 తేదీల్లో కట్టాలి. 20 ఏళ్లలో మొత్తం 80 కిస్తులు. లెక్క తేలిగ్గా ఉండటానికి పన్నును పక్కన పెడదాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. అంతకుముందు కట్టిన వరుసల్లో మాత్రం పన్ను గడి కూడా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

మొదటి రెండేళ్లలో 8 కిస్తులూ వేళకే పడ్డాయి. ఆ ఎనిమిదో కిస్తు నుంచి చిట్టా ఇలా సాగింది.

| కట్టాల్సిన తేదీ | కట్టిన తేదీ | ప్రీమియం | లేట్ ఫీ |
|---|---|---|---|
| 28/12/2022 | 26/12/2022 | 6,500 | 0 |
| 28/03/2023 | 20/04/2023 | 6,500 | 0 |
| 28/06/2023 | 05/09/2023 | 6,500 | 115 |

చూడటానికి మూడు వరుసలే. మూడింటిలోనూ డబ్బు పూర్తిగా పడింది. కానీ ఈ మూడు వరుసలు పాలసీకి సంబంధించి మూడు వేర్వేరు కథలు చెబుతాయి. మొదటిదానిలో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు, గడువుకు రెండు రోజుల ముందే కట్టాడు. అసలు సంగతి రెండో వరుస దగ్గర మొదలవుతుంది.

గ్రేస్ పీరియడ్: ఆలస్యమైనా రక్షణ ఉండే రోజులు

రెండో వరుసలో కిస్తు 23 రోజులు ఆలస్యంగా పడింది. అయినా లేట్ ఫీ సున్నా. కారణం గ్రేస్ పీరియడ్. ఏడాదికి, ఆరు నెలలకు, మూడు నెలలకు కట్టే పాలసీలకు గడువు తేదీ దాటాక 30 రోజులు, నెలనెలా కట్టేవాటికి 15 రోజులు వెసులుబాటు ఉంటుంది. మార్చి 28 కిస్తుకు ఆ వెసులుబాటు ఏప్రిల్ 27తో ముగుస్తుంది. ఇతను ఏప్రిల్ 20న కట్టాడు కాబట్టి కంపెనీ దృష్టిలో ఆలస్యమే జరగలేదు.

ఈ 30 రోజులూ వడ్డీ లేకుండా కట్టుకునే సౌకర్యం మాత్రమే అనుకుంటారు చాలామంది. దాని అసలు విలువ వేరే ఉంది. ఆ రోజుల్లో పాలసీ పూర్తిగా అమల్లో ఉన్నట్టే. ఏప్రిల్ 10న ఇతనికి ఏమైనా జరిగి ఉంటే, మార్చి కిస్తు ఇంకా కట్టకపోయినా, కుటుంబానికి 5 లక్షలూ, అప్పటికి చేరిన బోనసూ రావాల్సిందే. కట్టని ఆ కిస్తును, ఆ పాలసీ సంవత్సరంలో మిగిలిన కిస్తులను మాత్రం ఇచ్చే సొమ్ములోంచి మినహాయించుకుంటారు. కాబట్టి గ్రేస్ రోజుల్లో మనిషి పోతే ‘ఈ కిస్తు కట్టలేదు కదా, ఇక ఏమీ రాదు’ అనుకుని కుటుంబం క్లెయిము పెట్టకుండా ఊరుకోకూడదు.

అయితే గ్రేస్ రోజులు గడువు తేదీని జరపవు. ఏప్రిల్ 20న కట్టాడు కాబట్టి తర్వాతి కిస్తు జూలై 20న అనుకోవడం పొరపాటు. ఈ కిస్తు ఎప్పుడు కట్టినా తర్వాతిది జూన్ 28కే వస్తుంది. ఏటా గ్రేస్ చివరి వారం దాకా లాగే అలవాటున్నవాళ్లు మెల్లగా ఈ సంగతి మరిచిపోయి, ఆ చివరి తేదీనే అసలు గడువుగా మనసులో రాసుకుంటారు. ఒక్కసారి చేతిలో డబ్బు ఆడకపోతే, ఇక వెనక్కి జరగడానికి చోటు ఉండదు. మూడో వరుసలో జరిగింది సరిగ్గా అదే.

సెప్టెంబరులో కట్టింది సెప్టెంబరు కిస్తు కాదు

మిర్చి సీజను అయిపోయాక యార్డులో పని పలచబడింది. జూన్ 28 కిస్తు కట్టలేదు. జూలై 28తో గ్రేస్ కూడా అయిపోయింది. సెప్టెంబరు 5న ఎలాగో డబ్బు సర్దుకుని 6,615 రూపాయలు కట్టాడు. రసీదు వచ్చింది. సెప్టెంబరు కిస్తు తీరిపోయింది, ఇక డిసెంబరులో చూసుకుందాం అనుకున్నాడు.

అతను అనుకున్నది తప్పు. కిరాణా కొట్టు ఖాతాలో మనం ఇచ్చిన డబ్బు ముందు పాత బాకీకి ఎలా చెల్లుతుందో, ఇక్కడా అంతే. ఎప్పుడు కట్టినా ఆ డబ్బు నిండని పాత గడువు కిందికే వెళుతుంది. సెప్టెంబరు 5న కట్టింది జూన్ 28 కిస్తుకు జమైంది. లేట్ ఫీ గడిలో ఉన్న 115 రూపాయలు ఆ సంగతే చెబుతున్నాయి. సెప్టెంబరు 28 కిస్తు అలాగే మిగిలి ఉంది, దానికి ఇంకా 23 రోజులే ఉన్నాయి.

ఎల్ఐసీ పాలసీ వివరాల తెరపై FUP అన్న మూడక్షరాల పక్కన ఒక తేదీ కనిపిస్తుంది. ఇంకా కట్టని మొదటి కిస్తు గడువు తేదీ అది. ఏజెంట్లు, బ్రాంచిలోని ఉద్యోగులు ముందుగా చూసేది దాన్నే. వేరే కంపెనీల పత్రాల్లో ‘తర్వాతి డ్యూ’ అనో, ‘ఇంతవరకు చెల్లించారు’ అనో మరో పేరుతో ఉండొచ్చు, పని మాత్రం ఒకటే. సెప్టెంబరు 5 సాయంత్రం ఇతని FUP 28/09/2023. అది ఒక్కటి చూసుకుని ఉంటే డిసెంబరు దాకా ఆగేవాడు కాదు.

మూడో వరుసలో ఇంకో సంగతి కూడా ఉంది, అది ఏ గడిలోనూ రాసి ఉండదు. జూలై 28తో గ్రేస్ అయిపోయింది, డబ్బు పడింది సెప్టెంబరు 5న. మధ్యలో ఐదు వారాలకు పైగా పాలసీ పూర్తి బలంతో లేదు. కిస్తు తర్వాత జమైంది కాబట్టి ఆ ఐదు వారాలకూ వెనక నుంచి రక్షణ వచ్చేసిందని అనుకోకూడదు. ఆ రోజుల్లో ఏమీ జరగలేదు కాబట్టి సరిపోయింది, అంతే.

ఈ మాట ఎంత బరువైందో ఒక సుప్రీంకోర్టు తీర్పు చూస్తే తెలుస్తుంది. 2011 ఏప్రిల్ 14న ఒకాయన ఎల్ఐసీలో 3,75,000 రూపాయలకు పాలసీ తీసుకున్నారు. ప్రమాదంలో మరణిస్తే ఇంకో 3,75,000 అదనం. ఆరు నెలలకోసారి కిస్తు. అక్టోబరు 14 కిస్తు కట్టలేదు. 2012 మార్చి 6న ప్రమాదం జరిగింది. మూడు రోజుల తర్వాత, మార్చి 9న, బాకీ ఉన్న కిస్తు కట్టారు. మార్చి 21న ఆయన చనిపోయారు. ఎల్ఐసీ మూల మొత్తం ఇచ్చింది, ప్రమాదం కింద రావాల్సిన అదనపు మొత్తం ఇవ్వలేదు. ప్రమాదం జరిగిన రోజున పాలసీ అమల్లో లేదన్నది దాని వాదన. వినియోగదారుల ఫోరం గుమ్మం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వివాదంలో 2021 అక్టోబరులో తీర్పు ఎల్ఐసీ పక్షానే వచ్చింది. ప్రమాదం నాటికి పాలసీ అమల్లో ఉండాలన్న షరతును ఆ తర్వాత కట్టిన డబ్బు తీర్చలేదని న్యాయస్థానం తేల్చింది. చెల్లింపుల చిట్టాలో చూస్తే ఆ మార్చి 9 వరుస కూడా మిగతా వరుసల్లాగే ఉంటుంది. కట్టిన మొత్తం ఉంటుంది, రసీదు ఉంటుంది. తేడా అంతా ఆ మూడు రోజుల్లోనే ఉంది.

ల్యాప్స్ అయితే మిగిలేదెంత?

మన గుమాస్తా డిసెంబరు చివర్లో కట్టబోయాడు. సెప్టెంబరు, డిసెంబరు కిస్తులు రెండూ లేట్ ఫీతో కలిపి కంపెనీ 13 వేలకు పైగా అడిగింది. అంత లేక వాయిదా వేశాడు. అలా 2024 అక్టోబరు వచ్చేసింది. ఈ కాలమంతా చిట్టాలో కొత్త వరుస ఒక్కటీ లేదు. చెల్లింపుల చిట్టా కట్టినవాటినే చూపిస్తుంది, కట్టనివాటికి ఖాళీ వరుసలు చూపించదు. అందుకే చిట్టాను మాత్రమే చూసేవాడికి లోపం కంటపడదు. చివరి వరుసలోని గడువు తేదీకి, ఈ రోజు తేదీకి మధ్య ఎంత దూరం ఉందో మనమే లెక్కేసుకోవాలి. మూడు నెలల కిస్తుకు ఆ దూరం నాలుగు నెలలు దాటిందంటే గ్రేస్ కూడా అయిపోయినట్టే.

ఇప్పుడు ఈ పాలసీ పరిస్థితి ఏమిటి? వాడుకలో అంతా ‘ల్యాప్స్’ అనేస్తాం గానీ, ఇందులో రెండు రకాలు ఉన్నాయి. మొదట్లోనే కిస్తులు ఆపేస్తే పాలసీ పూర్తిగా చచ్చిపోతుంది, కట్టిన డబ్బు కూడా పోతుంది. కొన్నాళ్లు కట్టాక ఆపితే పాలసీ ‘పెయిడప్’ అవుతుంది. అంటే కట్టిన మేరకు చిన్నదై, చివరిదాకా బతికి ఉంటుంది. ఆ అర్హత రావడానికి ఎన్నేళ్లు కట్టి ఉండాలన్నది పాలసీ ఎప్పుడు తీసుకున్నారన్న దానిపై ఆధారపడుతుంది. చాలా పాత పాలసీలకు మూడేళ్లు. 2019 నిబంధనల తర్వాత వచ్చినవాటికి సాధారణంగా రెండేళ్లు. 2024 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం కొత్త పాలసీలకు మొదటి ఏడాది పూర్తి ప్రీమియం కట్టి, ఆ ఏడాది ముగిస్తే చాలు, కొంత విలువ వస్తుంది. మీ పాలసీకి ఏది వర్తిస్తుందో బాండులోనే రాసి ఉంటుంది.

మన గుమాస్తా 2021లో తీసుకున్నాడు, రెండేళ్లు దాటి కట్టాడు. కాబట్టి పెయిడప్ విలువ ఉంది. అదెంతో చూద్దాం. కట్టాల్సినవి 80 కిస్తులు, కట్టినవి 10. ఆ నిష్పత్తిలోనే బీమా మొత్తం తగ్గుతుంది. 5 లక్షల్లో 80 పాళ్లకు 10 పాళ్లు, అంటే 62,500 రూపాయలు, దానికి తోడు ఆపేనాటికి చేరిన బోనసు. ఆ తర్వాత బోనసు కలవదు. ఇతను అప్పటికి కట్టింది 65,000. ఆ నెలల్లో కుటుంబానికి ఏ కష్టమొచ్చినా వచ్చేది 5 లక్షలు కాదు, ఈ చిన్న మొత్తమే. ‘పాలసీ ఎక్కడికీ పోదు, పెయిడప్‌లో ఉందిలే’ అని ఎవరైనా ధైర్యం చెబితే, ఎంతకు పెయిడప్ అన్న రెండో ప్రశ్న వెంటనే అడగాలి.

టర్మ్ పాలసీ అయితే ఆ మాత్రం కూడా ఉండదు. సాధారణంగా దానిలో కూడే సొమ్మంటూ ఉండదు కాబట్టి గ్రేస్ దాటగానే రక్షణ సున్నా అవుతుంది. తక్కువ ప్రీమియంకు కోటి రూపాయల కవర్ తీసుకున్నవాళ్లు ఈ తేదీల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

కంపెనీ మనకు చెప్పదా అంటే, చెప్పాలి. 1938 నాటి బీమా చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం, కిస్తు కట్టని తేదీ నుంచి మూడు నెలల్లోగా పాలసీదారుకు ఉన్న మార్గాలేమిటో కంపెనీ నోటీసు పంపాలి. అయితే ఆ మార్గాలు బాండులోనే రాసి ఉంటే ఈ బాధ్యత దానికి లేదు. ఇప్పటి బాండుల్లో అవి రాసే ఉంటాయి. కాబట్టి ఉత్తరం రాలేదన్నది పెద్దగా అక్కరకొచ్చే వాదన కాదు. ఇల్లు మారినప్పుడు, ఫోన్ నంబరు మారినప్పుడు పాలసీలో ఆ మార్పు చేయించుకోకపోతే కంపెనీ పంపే గుర్తుచేతలు కూడా పాత చిరునామాకే పోతుంటాయి.

పునరుద్ధరణ: డబ్బు కట్టిన రోజు వేరు, ప్రాణం వచ్చిన రోజు వేరు

ఆగిన పాలసీని మళ్లీ నిలబెట్టడాన్ని రివైవల్ అంటారు. ఎండోమెంట్, టర్మ్ వంటి పాలసీలకు మొదటి కట్టని కిస్తు తేదీ నుంచి 5 ఏళ్ల దాకా, యూనిట్ లింక్డ్ పాలసీలకు 3 ఏళ్ల దాకా ఈ అవకాశం ఉంటుంది. ఇక్కడ కూడా లెక్క మొదలయ్యేది FUP నుంచే.

మన గుమాస్తా 2024 అక్టోబరు 10న బ్రాంచికి వెళ్లాడు. అప్పటికి బాకీ ఉన్నవి ఐదు కిస్తులు: 2023 సెప్టెంబరు, డిసెంబరు, 2024 మార్చి, జూన్, సెప్టెంబరు. చివరిదైన సెప్టెంబరు 28 కిస్తు ఇంకా గ్రేస్‌లోనే ఉంది కాబట్టి దానికి వడ్డీ లేదు. మిగతా నాలుగింటికీ ఒక్కోదానికి ఎన్నాళ్లు ఆలస్యమైతే అన్నాళ్ల వడ్డీ. ఏడాదికి 9.5 శాతం, ఆరు నెలలకోసారి అసలుకు కలిపే పద్ధతి అనుకుంటే నాలుగింటికీ కలిపి వడ్డీ 1,600 రూపాయలకు అటూఇటూగా తేలుతుంది. ప్రీమియం 32,500, వడ్డీతో కలిపి 34,100 దాకా. వడ్డీ రేటును కంపెనీలు ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి, కొన్ని సమయాల్లో రివైవల్ క్యాంపెయిన్ పెట్టి లేట్ ఫీలో రాయితీ కూడా ఇస్తుంటాయి. ఏది ఏమైనా ఇక్కడ వడ్డీ పెద్ద భారం కాదని గమనించండి. ఐదు కిస్తులు ఒక్కసారి తేవడమే కష్టం.

డబ్బుతో పాటు ఆరోగ్యం గురించిన ప్రకటన కూడా ఇవ్వాలి. ఎల్ఐసీలో దాన్ని 680 ఫారం అంటారు. పాలసీ ఆగిన తర్వాత ఏదైనా జబ్బు చేసిందా, ఆపరేషన్ జరిగిందా, ఆసుపత్రిలో చేరారా అని అడుగుతుంది. పాలసీ ఆగి ఎక్కువ కాలమైతే, వయసు లేదా బీమా మొత్తం ఎక్కువైతే వైద్య పరీక్షలు కూడా అడుగుతారు. ఆ కాగితాలు చూసి కంపెనీ మూడు రకాలుగా స్పందించొచ్చు. పాత షరతులతోనే ఒప్పుకోవచ్చు, ప్రీమియం పెంచి ఒప్పుకోవచ్చు, అసలు కాదనొచ్చు. రివైవల్ అంటే పాత హక్కును మళ్లీ తెరవడం కాదు, ఒక రకంగా కొత్త అంగీకారం. ఆలస్యం చేసే కొద్దీ వడ్డీ కన్నా ఈ ముప్పే పెద్దది. 40 ఏళ్లు దాటినవాడికి ఆ మధ్యలో షుగరో, గుండె జబ్బో బయటపడితే పాత ధరకు పాలసీ దొరకడం కష్టమవుతుంది.

కౌంటర్లో డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు. అది అక్టోబరు 10. కానీ కాగితాలు పరిశీలించి రివైవల్‌ను ఆమోదించింది అక్టోబరు 18న అనుకుందాం. మధ్యలోని ఎనిమిది రోజులూ ఆ డబ్బు పాలసీ పేరున డిపాజిట్‌గా పక్కన ఉంటుంది, కిస్తుల కింద జమ కాదు. కంపెనీ ఆమోదించి, ఆ సంగతి పాలసీదారుకు తెలియజేసినప్పుడే పునరుద్ధరణ అమల్లోకి వస్తుందని బాండు షరతుల్లో ఉంటుంది. ఇంకో ఆరోగ్య కాగితం కావాలని బ్రాంచి అడిగి, అది మనకు చేరక, డబ్బు నెలల తరబడి డిపాజిట్‌లోనే ఉండిపోయే సందర్భాలూ ఉంటాయి. కట్టిన మనిషి పాలసీ బాగుందనే అనుకుంటాడు. దీన్ని పట్టుకోవడం తేలికే. డబ్బు కట్టిన వారం పది రోజులకు మళ్లీ చిట్టా తీసి చూడండి. మన ఉదాహరణలో రివైవల్ నిజంగా అయి ఉంటే 28/09/2023 నుంచి 28/09/2024 వరకు ఐదు గడువులు ఒకే తేదీన నిండిన ఐదు వరుసలు కనిపించాలి. FUP 28/12/2024కు మారాలి. పాలసీ స్థితి దగ్గర అమల్లో ఉన్నట్టు రాసి ఉండాలి. FUP కదలకపోతే, చేతిలో రసీదు ఉన్నా రివైవల్ కాలేదని అర్థం. ఆమోదించినట్టు వచ్చే ఉత్తరాన్ని బాండుతో కలిపి దాచుకోండి.

అంత డబ్బు ఒక్కసారి లేనివాళ్లకు వేరే దారులు ఉన్నాయి. ఎల్ఐసీలో కొంత ఇప్పుడు కట్టి మిగతాది వచ్చే కిస్తులతో కలిపి తీర్చే వాయిదాల పద్ధతి ఉంది. పాలసీపై అప్పు అర్హత ఉంటే ఆ అప్పుతోనే బాకీ తీర్చే పద్ధతి ఉంది. ఏది కుదురుతుందో పాలసీని బట్టి బ్రాంచివాళ్లు లెక్క వేసి చెబుతారు. రాతపూర్వకంగా కొటేషన్ అడిగి తీసుకోండి.

మళ్లీ మొదలయ్యే మూడేళ్లు

రివైవల్ అయ్యాక చిట్టా నిండుగా కనిపిస్తుంది. అయినా ఒక్కటి మాత్రం పాత స్థితికి రాదు. బీమా చట్టంలోని 45వ సెక్షన్ పాలసీదారుకు గొప్ప రక్షణ. మూడేళ్లు గడిచాక కంపెనీ ఏ కారణం చూపి అయినా పాలసీని ప్రశ్నించకూడదని అది చెబుతుంది. ఆ మూడేళ్లను లెక్కించేది పాలసీ ఇచ్చిన తేదీ, రిస్క్ మొదలైన తేదీ, పునరుద్ధరించిన తేదీ, రైడర్ చేర్చిన తేదీ, వీటిలో ఏది చివరిదైతే దాని నుంచి. మన గుమాస్తా వేళకు కట్టుకుంటూ వచ్చి ఉంటే 2024 మార్చితోనే ఆ రక్షణ దక్కేది. ఇప్పుడు 2024 అక్టోబరు 18 నుంచి లెక్క మళ్లీ మొదలై 2027 అక్టోబరు దాకా వెళ్లింది. ఈలోగా క్లెయిము వస్తే కంపెనీ 680 ఫారంలోని జవాబులన్నీ తిరగేసి చూడొచ్చు. అందుకే ఆ ఫారాన్ని ఏజెంటు చేతిలో పెట్టి ఖాళీగా సంతకం చేయకండి. దగ్గర కూర్చుని, ఉన్న జబ్బు ఉన్నట్టు రాయించండి. ప్రీమియం నాలుగు రూపాయలు పెరిగినా ఫరవాలేదు.

జీతంలో కోత పడ్డా కిస్తు చేరకపోవచ్చు

జీతంలోంచి నెలనెలా ప్రీమియం మినహాయించే పథకంలో ఉన్న ఉద్యోగులు తమకు ఈ బెడద లేదనుకుంటారు. వాళ్ల చిట్టాల్లో వేరే రకం లోపం వస్తుంది. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బదిలీ అయినప్పుడు, జీతం ఆగినప్పుడు, సెలవులో వెళ్లినప్పుడు ఒకటి రెండు నెలల కిస్తులు బీమా సంస్థకు చేరవు. తర్వాతి నెలలవి మామూలుగా చేరిపోతుంటాయి. ఈ మధ్య ఖాళీలను గ్యాప్ అంటారు. మెచ్యూరిటీ నాటికో, అప్పు అడిగిన నాడో అవి వడ్డీతో బయటపడతాయి. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి కేసులో, ఇలాంటి పథకంలో యజమాని ఎల్ఐసీకి ఏజెంటులాంటివాడేనని, యజమాని డబ్బు పంపని లోపానికి కుటుంబాన్ని శిక్షించకూడదని తీర్పు చెప్పింది. కానీ ఆ న్యాయం పొందడానికి జీతం స్లిప్పులే సాక్ష్యం. కాబట్టి బదిలీ అయిన ఏడాది స్లిప్పులను చిట్టాలోని నెలలతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కోత పడే ఏర్పాటు ఉన్నవాళ్లకూ ఇదే జాగ్రత్త అవసరం. ఖాతాలో నిల్వ లేక ఆ కోత తిరిగి వెళితే, నెల కిస్తుకు ఉండే గ్రేస్ 15 రోజులే.

కిస్తు తేదీని సంపాదనకు దగ్గరగా పెట్టుకోవాలి

మన గుమాస్తా కథలో అసలు లోపం అశ్రద్ధ కాదు. అతనికి డబ్బు ఆడేది మిర్చి సీజనులో, ఫిబ్రవరి నుంచి మే దాకా. పాలసీ మాత్రం జూన్‌లోనూ, సెప్టెంబరులోనూ, డిసెంబరులోనూ డబ్బు అడుగుతోంది. కిస్తుల పద్ధతిని పాలసీ వార్షిక తేదీ నుంచి మార్చుకోవచ్చు. మూడు నెలల కిస్తును ఏడాది కిస్తుగా మారిస్తే ఇతను మార్చి 28న ఒక్కసారి కడితే సరిపోతుంది. చేతిలో డబ్బున్న కాలం అది. ఇంకా ఏప్రిల్ 27 దాకా గ్రేస్ ఉంటుంది. తప్పే అవకాశం ఏడాదికి నాలుగు నుంచి ఒకటికి తగ్గుతుంది. ఏడాదికోసారి కట్టేవారికి ఎల్ఐసీ చాలా పాలసీల్లో మూల ప్రీమియంపై 2 శాతం రాయితీ కూడా ఇస్తుంది, మూడు నెలల కిస్తుకు ఆ రాయితీ లేదు. నెల జీతం వచ్చేవాళ్లకు నెల కిస్తే నయం కావచ్చు. పంట చేతికొచ్చే రైతుకు, సీజను వ్యాపారికి అది నప్పదు. పాలసీ తీసుకునే రోజున ఏజెంటు ‘కిస్తు తక్కువ పడుతుంది’ అని చెప్పే మాట కన్నా, ఆ తేదీన మన ఇంట్లో డబ్బు ఉంటుందా అన్నది ముఖ్యం.

చిట్టాకు, మన రసీదులకు పొంతన కుదరకపోతే ముందు పాలసీ ఉన్న బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి.

ఏడాదికోసారి, పాలసీ వార్షిక తేదీ దాటిన నెలలో, పాలసీ స్థితి పత్రం ఒకటి తీసుకోండి. అందులో మూడు సంగతులు చూడండి: FUP ఈ రోజు తర్వాతి తేదీయేనా, పాలసీ అమల్లో ఉన్నట్టు రాసి ఉందా, డిపాజిట్ కింద ఆగిపోయిన డబ్బేమైనా ఉందా. నామినీగా ఉన్న భార్యనో, భర్తనో, బిడ్డనో పక్కన కూర్చోబెట్టుకుని ఈ మూడూ చూపించండి. రేపు క్లెయిము పత్రాలు పట్టుకుని బ్రాంచికి వెళ్లాల్సింది వాళ్లే. గ్రేస్‌లో ఉంటే ఏం రావాలో, పెయిడప్ అయితే ఎంత రావాలో వాళ్లకు తెలిసి ఉంటే, ఎవరో చెప్పిన అంకెకు తలూపి సంతకం పెట్టాల్సిన అవసరం రాదు.